డాబా మీది వాన నీటి పైపును మురుగు లైను నుంచి విడదీసి వరద కాలువకు కలపడం: మొదటి నుంచి చివరి దాకా

గట్టి వాన పడినప్పుడల్లా కింది అంతస్తు బాత్రూములో నేల మీది నీళ్ళు దిగే రంధ్రం, అంటే నహానీ ట్రాప్ నుంచి మురుగు ఎగదన్నుతోందని, ఏం చేయాలని ప్రతి జూన్‌లోనూ చాలామంది అడుగుతుంటారు. చాలా ఇళ్ళలో కారణం ఒక్కటే. ఇల్లు కట్టేటప్పుడు డాబా మీది వాన నీటి పైపును దగ్గరలో ఉన్న మురుగు ఛాంబర్‌లోకి దించేశారు. పైపు ఖర్చు కొంత మిగిలింది, తవ్వకం తప్పింది. ఆ మిగులుకు ఇప్పుడు ప్రతి వానలోనూ మూల్యం చెల్లిస్తున్నారు.

హైదరాబాద్‌లో ఒక రెండంతస్తుల ఇంటికి ఈ పని దగ్గరుండి చేయించాను. కింద చెప్పే కొలతలు ఆ ఇంటివి. స్థలం 200 గజాలు, డాబా 110 చదరపు మీటర్లు, నివాసం ఎనిమిది మంది.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే ఈ డాబా నుంచి 5,500 లీటర్లు దిగుతాయి. మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగుగా మారుతుందనుకుంటే ఎనిమిది మంది మురుగు రోజుకు 864 లీటర్లు. అంటే ఆరు రోజుల మురుగుకు మించిన నీటిని ఒక్క గంటలో ఆ చిన్న లైనులోకి తోస్తున్నాం. వీధిలో ఇలాంటి ఇళ్ళు పది ఉంటే మ్యాన్‌హోల్ పొంగక తప్పదు. పొంగిన మురుగు వీధిలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న బాత్రూము రంధ్రాన్ని వెతుక్కుంటుంది.

1. ఏ పైపు ఎటు పోతోందో తేల్చుకోండి

గోడ వెంట దిగే పైపులన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. వాటిలో ఒకటి టాయిలెట్‌ది, ఒకటి బాత్రూము, వంటగది నీళ్ళది, ఒకటి వానది. డాబా పైకి లేచి, మూతి తెరుచుకుని, పైన చిన్న టోపీ ఉన్నది గాలి గొట్టం. మురుగు లైనులోని వాయువులు బయటికి పోయే దారి అదే కాబట్టి దాన్ని ఎప్పుడూ మూయకూడదు.

ఎండ రోజున రంగు నీళ్ళతో పరీక్ష చేయండి. ఒక బకెట్ నీళ్ళలో వంటకు వాడే ఎర్ర రంగు కలిపి, డాబా మీద ఒక్కో నీటి రంధ్రంలో విడివిడిగా పోయండి. వెనుకే ఇంకో రెండు బకెట్ల మామూలు నీళ్ళు పోయాలి. కింద ఒకరు మీ ఇంటి ఆవరణలోని ఛాంబర్ మూతలు తెరిచి చూస్తూ ఉండాలి. రంగు ఎక్కడ కనిపించిందో కాగితం మీద గీసుకోండి. రెండు రంధ్రాలకు మధ్య పదిహేను నిమిషాల విరామం ఇవ్వకపోతే ఏ రంగు ఎక్కడిదో తెలియదు.

ఆ తర్వాత ఇదే పరీక్షను తిరగేసి చేయాలి. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు. డాబా మీద బట్టలు ఉతికే చోటు, వాషింగ్ మెషీన్, పెంట్‌హౌస్ సింకు ఉంటే వాటి నీళ్ళు వాన పైపులోకి పోతున్నాయేమో చూడండి. పోతుంటే ముందు వాటిని మురుగు వైపు మార్చాలి. లేదంటే మనం పని పూర్తిచేసిన రోజు నుంచి సబ్బు నీళ్ళు వరద కాలువ గుండా చెరువు దాకా పోతాయి. ట్యాంకు పొంగిన నీరు, ఏసీ నుంచి కారే నీరు శుభ్రమైనవే కనుక వాన పైపులో ఉండవచ్చు.

ఆ ఇంట్లో రెండు వాన పైపులు ఉన్నాయి. వెనుక మూల పైపు బాత్రూము ఛాంబర్‌లోకి, ముందు పైపు వంటగది పక్కన వాడుక నీళ్ళు మురుగు లైనులోకి దిగే గల్లీ ట్రాప్‌లోకి దిగాయి. రెండూ తప్పే.

ఒక హెచ్చరిక. మీ ఆవరణలోని లోతు తక్కువ ఛాంబర్‌ను బయట నిలబడి చూడవచ్చు. వీధి మ్యాన్‌హోల్ మూతను మాత్రం ముట్టవద్దు, ఎవరినీ అందులోకి దించవద్దు. అందులోని విషవాయువు ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషిని పడగొట్టగలదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించి మురుగు లైను శుభ్రం చేయించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం కూడా. ఆ మూత తెరవాల్సి వస్తే జలమండలి సిబ్బందే తెరవాలి.

2. నీరు చేరాల్సిన చోటు మట్టం కొలవండి

పైపులు కొనడానికి ముందే చేయాల్సిన పని ఇది. పని సగంలో ఆగిపోయిన ఇళ్ళన్నిటిలో నాకు కనిపించిన కారణం ఒకటే: తవ్వుకుంటూ వీధి దాకా వచ్చాక కాలువ తమ పైపు కన్నా ఎత్తులో ఉందని తెలిసింది.

మొదట వీధిలో ఉన్నది నిజంగా వరద కాలువేనా అని చూడండి. వాన లేని రోజుల్లో పొడిగా, లేదా దాదాపు పొడిగా ఉండాలి. పక్కన రోడ్డు నీళ్ళు దిగే జల్లెడలు కనిపించాలి. గుండ్రటి మూతలతో ఎప్పుడూ పారుతూ ఉండేది మురుగు లైను. అనుమానం ఉంటే మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగంలో అడగండి. కాలువకు రంధ్రం చేయాలన్నా, రోడ్డు తవ్వాలన్నా వారి అనుమతి కావాలి కనుక ఎలాగూ అక్కడికి వెళ్ళాల్సిందే.

ఇక మట్టం. మేస్త్రీలు వాడే పారదర్శక గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపండి. పెరటి నేల మట్టాన్ని ఆధారంగా తీసుకుని, ఆ మట్టాన్నే గొట్టం సాయంతో ప్రహరీ మీద, వీధి కాలువ దగ్గర గుర్తు పెట్టండి. ఇకపై లోతులన్నీ ఈ గుర్తు నుంచి కిందికే కొలవాలి. వీధి నేల నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే వీధి సాధారణంగా పెరడుతో సమానంగా ఉండదు.

కాలువ దగ్గర రెండు కొలతలు తీసుకోండి. ఒకటి అడుగు మట్టం. రెండోది గోడ మీద నీటి మరక మట్టం, అంటే పెద్ద వానలో నీరు ఎక్కడిదాకా లేస్తుందో చెప్పే గీత. మొదటిదాని కన్నా రెండోదే మనకు ముఖ్యం.

ఆ ఇంట్లో అడుగు 85 సెంటీమీటర్ల లోతున, మరక 45 సెంటీమీటర్ల లోతున ఉన్నాయి. వెనుక మూల నుంచి కాలువకు దూరం 18 మీటర్లు. పైపుకు మీటరుకు ఒక సెంటీమీటరు వాటం ఇస్తే 18 సెంటీమీటర్లు దిగాలి. మొదట ప్లంబర్ వెనుక మూలలో పైపు అడుగును 35 సెంటీమీటర్ల లోతున మొదలుపెడదామన్నాడు. అప్పుడు కాలువ దగ్గర అది 53 సెంటీమీటర్లకు చేరుతుంది, మరక కన్నా 8 సెంటీమీటర్లు కిందికి. పెద్ద వానలో పైపు మూతి మునిగి నీరు వెనక్కి నిలుస్తుంది.

అందుకని మొదలు లోతును 25 సెంటీమీటర్లకు తగ్గించాం. చివర 43 వచ్చింది, మరకకు రెండు సెంటీమీటర్ల పైన. పైపు వ్యాసం 16 సెంటీమీటర్లు కాబట్టి వెనుక మూలలో దాని నెత్తిన 9 సెంటీమీటర్ల మందమే మిగిలింది. అంత తక్కువ మట్టి కింద పైపు నిలవదు కనుక చుట్టూ కాంక్రీటు వేశాం. కారు నిలిపే చోట లోతు ఎక్కువున్నా అక్కడా కాంక్రీటు వేయించాను.

మీ ఇంట్లో ఎంత ప్రయత్నించినా మూతి మరక కిందికే వస్తుంటే చివర ఫ్లాప్ వాల్వు పెట్టాలి. బయటి నీరు నెట్టినప్పుడు అది మూసుకుంటుంది. అయితే మూసుకున్నంత సేపు మీ డాబా నీరు కూడా ఆగుతుంది, కాబట్టి ఆవరణలోని ఛాంబర్ జల్లెడ నుంచి నీరు పొంగి గేటు వైపు పారిపోయే దారి ఉంచాలి. ఇంటి వైపు కాదు.

వీధిలో వరద కాలువే లేకపోతే? మురుగు లైనులో కలపడం అప్పుడూ తప్పే. నీటిని ఇంకుడు గుంతకు మళ్ళించి, నిండాక పొర్లే నీటిని గేటు పక్క నుంచి రోడ్డు అంచుకు వదలండి. కాలువ ఉన్నవాళ్ళు కూడా స్థలముంటే ముందు ఇంకుడు గుంత, దాని పొర్లు పైపు కాలువకు అన్న వరస పాటించడం మేలు.

3. ఎన్ని పైపులు, ఎంత సైజు

జాతీయ భవన నియమావళి పట్టిక ప్రకారం గంటకు 100 మిల్లీమీటర్ల వానకు నాలుగు అంగుళాల నిలువు పైపు సుమారు 42 చదరపు మీటర్ల డాబాకు సరిపోతుంది. మూడు అంగుళాలది 20కి మాత్రమే. ఈ ఇంటికి 110 చదరపు మీటర్లు కనుక నాలుగు అంగుళాల పైపులు మూడు కావాలి. ఉన్నవి రెండే. ఎలాగూ తవ్వుతున్నాం కాబట్టి మూడోది కలిపాం.

నేలలో పడుకునే లైనుకు ఆరు అంగుళాల పైపు తీసుకున్నాం. లెక్క ప్రకారం ఈ నీటికి నాలుగు అంగుళాలది కూడా చాలుతుంది. అయితే ఆకులు, ఇసుక, పిట్ట గూళ్ళ పుల్లలు లెక్కలో ఉండవు. మళ్ళీ తవ్వే బాధ కన్నా పైపు సైజు పెంచుకోవడం నయం.

కొనాల్సినవి:

- నిలువు పైపులకు నాలుగు అంగుళాల ఎస్‌డబ్ల్యూఆర్ పైపు. ఐఎస్ 13592 గుర్తు ఉన్నది, వాన నీటికి టైప్ ఎ చాలు.
- నేలలోకి ఆరు అంగుళాల పైపు, ఐఎస్ 15328 గుర్తు ఉన్నది. గోడ పైపునే నేలలో పాతకూడదు.
- 45 డిగ్రీల బెండ్లు, తెరిచే మూత ఉన్న డోర్ బెండ్లు, రబ్బరు రింగులు, క్లాంపులు.
- డాబా రంధ్రాలకు గుమ్మటంలా పైకి లేచిన జల్లెడలు. బల్లపరుపు జల్లెడను ఒక్క ఆకు మూసేస్తుంది.
- పాత రంధ్రాలు మూయడానికి ఎండ్ క్యాపులు, సాల్వెంట్ సిమెంటు.
- పరుపుకు ఇసుక, ఛాంబర్లకు ఇటుక, సిమెంటు.

4. కాలువ దగ్గర మొదలుపెట్టి ఇంటివైపు రండి

పనికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మంచి సమయం. పాత కలయికను అన్నిటికన్నా చివర కోయాలి. ముందే కోసేస్తే మధ్యలో వచ్చే ఒక్క అకాల వాన తవ్విన గోతినంతా బురద చేస్తుంది.

తవ్వే దారిలో మురుగు లైను, మంచినీటి పైపు, సంపు ఎక్కడున్నాయో ముందే సున్నంతో గీయించండి. సంపుకు వీలైనంత దూరంగా దారి మలచండి. మురుగు లైనును దాటాల్సి వస్తే వాన లైను దాని పైనుంచి పోవాలి. మట్టాలు తగులుకున్నాయని రెండింటినీ ఒకచోట కలిపేసి ముందుకు తీసుకెళ్తామంటే ఒప్పుకోవద్దు.

గోతి అడుగున పది సెంటీమీటర్ల ఇసుక పరిచి, మూడు మీటర్లకు ఒక మేకు పాతి, వాటికి దారం కట్టి వాటం సరిచూడండి. పైపు సాకెట్, అంటే వెడల్పాటి మూతి, ఎప్పుడూ నీరు వచ్చే వైపుకే ఉండాలి. కాలువ నుంచి వెనక్కి వేసుకుంటూ వస్తే ఇది సహజంగానే కుదురుతుంది. రబ్బరు రింగు జాయింటులో పైపును చివరిదాకా దూర్చి, మళ్ళీ ఒక సెంటీమీటరు వెనక్కి లాగాలి. ఎండకు పైపు సాగినప్పుడు ఆ ఖాళీ అవసరం.

కాలువ గోడలో పైపు లోపలికి పొడుచుకు రాకూడదు. గోడతో సమంగా కోసి చుట్టూ సిమెంటుతో పూడ్చండి. పొడుచుకు వచ్చిన మూతికి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని నెలలోపే కాలువ మూసుకుపోతుంది.

5. నిలువు పైపు పాదం దగ్గర

పైనుంచి జారిన నీరు ఇక్కడ దెబ్బ కొడుతుంది. 90 డిగ్రీల బెండ్ ఒక్కటి పెట్టకుండా 45 డిగ్రీలవి రెండు కలిపి వాడండి, కింద కాంక్రీటు దిమ్మె వేయండి. నేలకు అడుగు ఎత్తులో ఒక డోర్ ఉంచితే చెత్త తీయడం సులభం.

ప్రతి పైపు పాదం దగ్గరా, లైను తిరిగే ప్రతి మూలలోనూ 45 సెంటీమీటర్ల చదరపు ఛాంబర్ కట్టించండి. బయటికి పోయే పైపు కన్నా ఛాంబర్ అడుగు 15 సెంటీమీటర్లు లోతుగా ఉండాలి. ఇసుక అక్కడ దిగబడుతుంది, చేత్తో తోడేయవచ్చు. మురుగు ఛాంబర్ అడుగును మాత్రం ఇలా గుంత చేయకూడదు, అక్కడ కాలువలా నునుపుగా ఉండాలి. మేస్త్రీ అలవాటు కొద్దీ రెండింటినీ ఒకేలా కడతాడు, పక్కనుండి చెప్పాలి.

వాన ఛాంబర్‌కు జల్లెడ మూత, మురుగు ఛాంబర్‌కు గాలి చొరని గట్టి మూత. వాన ఛాంబర్ మూతల మీద రంగుతో ‘వాన’ అని రాయించండి. ఆరేళ్ళ తర్వాత వచ్చే ప్లంబర్‌కు అది తప్ప వేరే ఆనవాలు ఉండదు.

6. పాత కలయికను కోయడం, మూయడం

కొత్త లైనులో నీళ్ళు పోసి కాలువ దాకా సాఫీగా చేరాయని చూశాకే ఈ పని. నిలువు పైపును కొత్త ఛాంబర్‌కు మళ్ళించిన రోజే పాత రంధ్రాన్ని మూయాలి.

పైపు నేరుగా మురుగు ఛాంబర్ గోడలోకి దిగి ఉంటే ఆ ముక్కను పూర్తిగా లాగేసి, రంధ్రాన్ని ఇటుక, సిమెంటుతో కట్టి, లోపలివైపు నునుపుగా పూత వేయండి. నేలలో జాయింటుకు కలిసి ఉంటే మూతికి సాల్వెంట్ సిమెంటుతో ఎండ్ క్యాప్ బిగించండి. గుడ్డలు కుక్కి మట్టి కప్పడం మూయడం కాదు. గుడ్డ కుళ్ళుతుంది, ఎలుకలు దారి చేసుకుంటాయి, మట్టి లైనులోకి జారుతుంది.

డాబా రంధ్రం నేరుగా టాయిలెట్ నిలువు పైపులోకే కలిసి ఉన్న ఇళ్ళు కొన్ని ఉంటాయి. డాబా మీద ఆ రంధ్రం దగ్గర ఎప్పుడూ మురుగు వాసన వస్తుంటే మీది ఆ రకమే. అక్కడ కలయిక దగ్గర మాత్రమే క్యాప్ వేసి, వానకు కొత్త పైపు బయటి గోడ వెంట దించాలి. టాయిలెట్ పైపు పైమూతిని అలాగే తెరిచి ఉంచాలి. దాన్ని కూడా మూసేస్తే ఫ్లష్ చేసినప్పుడల్లా ట్రాపులలోని నీరు లాగేసుకుపోయి ఇల్లంతా వాసన వస్తుంది.

7. గల్లీ ట్రాప్‌ను మరిచిపోవద్దు

ఆ ఇంట్లో పైపులు విడదీశాక పడిన మొదటి వానలో కూడా మురుగు ఛాంబర్‌లో నీరు జోరుగానే వచ్చింది. పని దండగయిందని ఇంటివాళ్ళు దిగులుపడ్డారు. చూస్తే గల్లీ ట్రాప్ జల్లెడ పెరటి నేలకు సమంగా ఉంది. పెరడు మీద పడిన వానంతా దానిలోకే జారుతోంది.

గల్లీ ట్రాప్ అంచును చుట్టూ ఇటుకతో నేల కన్నా 15 సెంటీమీటర్లు పైకి లేపించాం. పెరటి వాటాన్ని కొత్త వాన ఛాంబర్ వైపు తిప్పాం. తర్వాతి వానలో జోరు ఆగింది. మురుగు ఛాంబర్ మూతలు పగిలినా, నేలకు పల్లంగా ఉన్నా ఇదే జరుగుతుంది.

8. గోతి పూడ్చే ముందు, పూడ్చాక పరీక్ష

- పైపు తెరిచి ఉండగానే కింది మూతిని గట్టిగా మూసి నీళ్ళు నింపండి. అరగంట చూడండి. జాయింటు దగ్గర ఇసుక తడిస్తే అక్కడే సరిచేయండి.
- ఒక్కో డాబా రంధ్రంలో రంగు నీళ్ళు పోయండి. వీధి కాలువలో కనిపించాలి, ఏ మురుగు ఛాంబర్‌లోనూ కనిపించకూడదు.
- ప్రతి టాయిలెట్, బాత్రూము, సింకు, వాషింగ్ మెషీన్‌లో వేరే రంగు నీళ్ళు వదలండి. వాన ఛాంబర్లలో ఆ రంగు కనిపించకూడదు.
- పూడ్చాక, గట్టి వానలో ఇంట్లో కొళాయిలన్నీ కట్టేసి మురుగు ఛాంబర్ చూడండి. నీరు పరుగెత్తుతుంటే ఇంకా ఎక్కడో వాన చొరబడుతోంది.
- వాన లేని వారంలో వాన ఛాంబర్‌లో ఏసీ, ట్యాంకు నీరు కాక వేరే కొత్త నీరు కనిపిస్తే ఎవరిదో వాడుక నీరు కలిసింది.

9. తరచూ చేసే పొరపాట్లు

అన్నిటికన్నా ఖరీదైనది మురుగు లైనుకు నాన్ రిటర్న్ వాల్వు పెట్టి ఊరుకోవడం. వీధి మురుగు వెనక్కి రాకుండా అది ఆపుతుంది, నిజమే. వాన పైపు ఇంకా అదే లైనులో ఉంటే వాల్వు మూసుకున్నప్పుడు మీ డాబా నీటికి పోయే దారి ఉండదు. అది మీ నహానీ ట్రాప్ నుంచే పైకి వస్తుంది, వీధిలో ఎవరిదీ కాదు, మీదే. ముందు విడదీయండి. ఆ తర్వాతా వీధి లైను పొంగుతుంటే అప్పుడు వాల్వు గురించి ఆలోచించండి.

రెండోది, పెరట్లో నీరు నిలిచిందని మురుగు మూత ఎత్తి లోపలికి వదలడం. ఏళ్ళ తరబడి అలవాటైన పని కావడంతో లైను మార్చాక కూడా చేస్తారు. ఆ నీటితో పోయే మట్టి, ఆకులు వీధి లైనులో కూరుకుపోతాయి.

మూడోది, పెరుగుతున్న కుటుంబం డాబా మీద కొత్త గది వేసుకుని దాని బాత్రూము గొట్టాన్ని దగ్గరలో ఉన్న వాన పైపుకు తగిలించడం. గది కట్టేముందు ప్లంబర్‌కు మీరు గీసుకున్న కాగితం చూపించండి.

10. ఏటా మే నెలలో

- డాబా ఊడ్చి, జల్లెడలు తీసి కడగాలి.
- వాన ఛాంబర్ల అడుగు ఇసుక తోడేయాలి.
- డోర్లు తెరిచి నిలువు పైపుల పాదంలో చెత్త చూడాలి.
- ఫ్లాప్ వాల్వు ఉంటే చేత్తో కదిపి, పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడాలి.
- వీధి కాలువలో పైపు మూతి ముందు పేరుకున్న పూడిక గురించి మున్సిపల్ సిబ్బందికి ముందే ఫిర్యాదు ఇవ్వాలి. తొలి వాన పడ్డాక ఇస్తే ఊరంతటి ఫిర్యాదుల వెనుక మీది నిలబడుతుంది.